రెండు పెనాల్టీలు, ఆరు వేలు

2021 ఫిబ్రవరి 27, శనివారం. రాత్రి ఎనిమిదిన్నర. కరోనా తర్వాత హాస్టల్ తెరిచి నెల కూడా కాలేదు. మెస్‌లో ఆ రోజు ఎగ్ కర్రీ. నా రూమ్మేట్ ఫోనుని నీళ్ల గ్లాసుకి ఆనించి పెట్టుకుని, చెయ్యి అన్నంలో పెట్టి, తినడం మర్చిపోయి చూస్తున్నాడు. వెస్ట్ బ్రామ్ మీద బ్రైటన్ ఆడుతోంది. మా ఇద్దరికీ ఇంగ్లండ్‌లో ఆ రెండు ఊళ్లు ఎక్కడున్నాయో కూడా సరిగ్గా తెలీదు.

పదకొండో నిమిషంలో వెస్ట్ బ్రామ్ డిఫెండర్ బార్ట్‌లీ తలతో గోల్ కొట్టాడు. కాసేపటికే బ్రైటన్‌కి పెనాల్టీ వచ్చింది. "చూశావా, వచ్చేసింది" అన్నాను. గ్రాస్ కొట్టిన బంతి పై బారుకి తగిలి వెనక్కొచ్చింది. వాడి మొహంలో రంగు పోయింది. ఒక్క మ్యాచ్‌కి ఇంత ఇదవ్వడం ఏంటా అనుకుని, "ఏమైంది రా?" అని అడిగాను.

"ఆరు వేలు పెట్టాను మామా. మెస్ బిల్లుది. నువ్వు చెప్పావు కదా."

ఈ వ్యాసం ఆ "నువ్వు చెప్పావు కదా" గురించి. నేను చెప్పింది తప్పు కాదు. అదే అసలు ఇబ్బంది.

*

వాడికి నేనేం చెప్పానో అర్థం కావాలంటే ముందు నా పిచ్చి గురించి చెప్పాలి. లాక్‌డౌన్‌లో ఇంట్లో ఉన్నప్పుడు అందరూ ఏదో ఒకటి నేర్చుకున్నారు. నేను ఎక్స్‌పెక్టెడ్ గోల్స్ నేర్చుకున్నాను. పొట్టిగా ఎక్స్‌జీ అంటారు.

క్రికెట్‌తో మొదలుపెడితే తేలిగ్గా ఉంటుంది. ఒక బౌలర్ పది ఓవర్లు వేశాడు, ఒక్క వికెట్ రాలేదు. స్కోర్‌కార్డ్ చూస్తే ఏమీ పీకలేదనిపిస్తుంది. కానీ మ్యాచ్ చూసిన వాడికి తెలుసు, అతని బౌలింగ్‌లో స్లిప్‌లో రెండు క్యాచులు, మిడాన్‌లో ఒకటి వదిలేశారు. రేపటి మ్యాచ్‌కి టీమ్ ఎంచుకోవాలంటే మీరు స్కోర్‌కార్డ్ చూస్తారా, వదిలేసిన క్యాచులు కూడా లెక్కలోకి తీసుకుంటారా? ఎక్స్‌జీ చేసేది ఆ రెండో పని.

ఫుట్‌బాల్‌లో కొట్టిన ప్రతి షాట్‌కీ సున్నాకీ ఒకటికీ మధ్య ఒక అంకె ఇస్తారు. అలాంటి షాట్లు ఇంతకుముందు వేలల్లో కొట్టారు కదా, వాటిలో ఎన్ని గోల్ అయ్యాయి అన్నదే ఆ అంకె. గోల్‌కి ఎంత దూరం, ఏ కోణం, కాలితో కొట్టాడా తలతో కొట్టాడా, పాస్ ఎలా వచ్చింది, ఇవన్నీ చూస్తారు. పెనాల్టీకి సుమారు 0.76 ఇస్తారు. అంటే నూటికి డెబ్బై ఆరు గోల్ అవుతాయని. పెనాల్టీ బాక్స్ బయట చాలా దూరం నుంచి కొట్టినదానికి 0.03 దగ్గర్లో ఉంటుంది. ఒక టీమ్ మ్యాచ్‌లో కొట్టిన షాట్లన్నిటి అంకెలూ కూడితే ఆ టీమ్ ఎక్స్‌జీ.

ఇంత కష్టం ఎందుకు, గోల్సే లెక్కపెట్టొచ్చు కదా అంటారు. గోల్ చాలా అరుదైన సంఘటన. ఇంగ్లిష్ ప్రీమియర్ లీగ్‌లో ఒక మ్యాచ్‌కి రెండు టీములూ కలిపి మూడు గోల్స్ లోపే సగటు. షాట్లు మాత్రం పాతిక దాకా ఉంటాయి. మూడు సంఘటనల మీద తీర్పు చెప్తే అదృష్టం పాలు ఎక్కువ. బంతి ఎవడి మోకాలికో తగిలి దారి మళ్లితే మూడు పాయింట్లు ఇటు నుంచి అటు పోతాయి. అలాంటివి ఒక పాతిక మ్యాచుల్లో కూడా సర్దుకోకపోవచ్చు. "పాయింట్ల పట్టిక అబద్ధం చెప్పదు" అని కామెంటేటర్లు అంటుంటారు. అబద్ధం చెప్పదేమో గానీ, నిజం చెప్పడానికి చాలా టైమ్ తీసుకుంటుంది. షాట్లు కొంచెం తొందరగా చెప్తాయి.

ఆ సీజన్‌లో ఈ తేడాకి బ్రైటన్ కన్నా మంచి ఉదాహరణ ఇంకోటి లేదు. ఫిబ్రవరి మధ్యకి 24 మ్యాచుల్లో 26 పాయింట్లు. కిందికి పడిపోయే టీముల సరసన ఉంది. కానీ షాట్ల లెక్కలో చూస్తే పై సగంలో ఉండాల్సిన టీమ్. గ్రాహమ్ పాటర్ అనే కోచ్ కింద బంతిని చక్కగా తిప్పుతూ వెళ్లడం, అవకాశాలు తయారు చేయడం, చివర్లో బయటికి కొట్టడం. ఫిబ్రవరి 13న ఆస్టన్ విల్లా మీద షాట్ మీద షాట్ కొట్టారు. గోల్‌కీపర్ ఎమిలియానో మార్టినెజ్ గోడలా నిలబడ్డాడు. 0-0.

తర్వాతది ఫిబ్రవరి 22, క్రిస్టల్ ప్యాలెస్‌తో. మనకి తెల్లవారితే మంగళవారం, రాత్రి ఒంటిగంటన్నర. దుప్పటి కప్పుకుని నేనూ వాడూ చూశాం. బ్రైటన్ 25 షాట్లు కొట్టింది. ప్యాలెస్ మూడంటే మూడు. స్కోరు ప్యాలెస్ 2, బ్రైటన్ 1. మటేటా మడమతో ఒకటి, అదనపు సమయంలో బెంటెకే గాల్లో తేలి ఒకటి. మ్యాచ్ అయ్యాక మూడున్నరకి నేను మంచం మీద కూర్చుని రూమ్మేట్‌కి క్లాసు పీకాను. ల్యాప్‌టాప్ తెరిచి నా స్ప్రెడ్‌షీట్ చూపించాను. "చూడు, ఇది ఎంత మంచి టీమో. దీనికి అదృష్టం లేదంతే. వచ్చే మ్యాచ్ వెస్ట్ బ్రామ్‌తో. పట్టికలో కింద నుంచి రెండోది. గెలుస్తుంది చూడు."

గెలుస్తుంది. ఆ మాటే అన్నాను. సంభావ్యత అని గానీ, శాతం అని గానీ అనలేదు.

ఊళ్లో ఒక "అన్న" ఉండేవాడు. ఐపీఎల్ టైమ్‌లో సీనియర్ల ద్వారా పరిచయం. ఫోన్లో రేట్లు పంపేవాడు. తెలంగాణలో 2017లో, ఆంధ్రలో 2020లో ఆన్‌లైన్ పందేలను కూడా చట్టం కిందకి తెచ్చి నేరం చేశారు. మాకు తెలుసు. హాస్టల్లో అందరికీ తెలుసు. అయినా ఆ నంబరు చాలా ఫోన్లలో ఉండేది. మా వాడి ఫోన్లోనూ ఉందని నాకు తెలీదు.

*

మ్యాచ్ సంగతి ముగించేస్తాను. మొదటి సగంలోనే బ్రైటన్ కెప్టెన్ డంక్ ఫ్రీ కిక్‌ని తొందరగా కొట్టేశాడు, బంతి వలలో పడింది. వాడు కుర్చీలోంచి లేచాడు. అటు రిఫరీ ముందు ఊదాడు, మళ్లీ ఊదాడు, గోల్ ఇచ్చాడు, తర్వాత వీడియో చూసి తీసేశారు. రెండో సగంలో ఇంకో పెనాల్టీ వచ్చింది. ఈసారి వెల్‌బెక్. బంతి పక్క స్తంభానికి తగిలి బయటికి పోయింది. 1-0తో వెస్ట్ బ్రామ్ గెలిచింది.

ఒక్కో పెనాల్టీ పోయే అవకాశం 0.24. రెండూ పోవాలంటే 0.24 ఇంటూ 0.24, ఆరు శాతం కూడా లేదు. ప్లేటు కడుగుతూ నేను ఈ లెక్క వాడికి చెప్పాను. ఓదార్పు అనుకున్నాను. వాడు నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది.

ఆ రాత్రి వాడు గోడ వైపు తిరిగి పడుకున్నాడు. నేను ల్యాప్‌టాప్ తెరిచాను. నాలుగు నెలలుగా నేను టీముల బలం లెక్కేస్తున్నాను గానీ, "ఆరు వేలు పెట్టొచ్చా" అనే ప్రశ్నకి జవాబు ఒక్కసారి కూడా లెక్కేయలేదని అప్పుడు తట్టింది. ఆ ప్రశ్న నన్నెవరూ అడగలేదు మరి. అడగకుండానే నేను జవాబిచ్చాను.

నా షీట్ ప్రకారం ఆ మ్యాచ్‌లో బ్రైటన్ నుంచి ఆశించే గోల్స్ 1.4, వెస్ట్ బ్రామ్ నుంచి 1.0. బ్రైటన్ సగటు దాడి, వెస్ట్ బ్రామ్ సగటు రక్షణ, పరాయి మైదానంలో ఆడటం, ఇవి కలిపి వేసిన అంచనా. ఒక సగటు తెలిస్తే సరిగ్గా సున్నా, ఒకటి, రెండు గోల్స్ పడే అవకాశం ఎంతో పాయిసాన్ సూత్రంతో వస్తుంది. మనకి సెకండియర్ మ్యాథ్స్‌లో ఉన్నదే. పరీక్షలో టెలిఫోన్ ఎక్స్‌చేంజ్‌కి వచ్చే కాల్స్ మీద లెక్క ఇస్తారు, గుర్తుందా? అదే. బ్రైటన్ గోల్స్ వెస్ట్ బ్రామ్ గోల్స్ కన్నా ఎక్కువగా ఉండే స్కోర్లన్నిటినీ కూడితే చాలు.

```python
from math import exp, factorial
def p(k, m): return exp(-m) * m**k / factorial(k)
b, w = 1.4, 1.0
win = sum(p(i, b) * p(j, w) for i in range(10) for j in range(i))
print(round(win, 2))
```

జవాబు 0.46. డ్రా 27 శాతం, ఓటమి 27 శాతం.

ఆ అంకెని చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. నా సొంత షీట్ ప్రకారమే బ్రైటన్ గెలవకపోయే అవకాశం గెలిచే అవకాశం కన్నా ఎక్కువ. నేనేమో "గెలుస్తుంది చూడు" అన్నాను. "రెండిటిలో మెరుగైన టీమ్" అన్న మాటకీ "ఈ మ్యాచ్ గెలిచే టీమ్" అన్న మాటకీ మధ్య ఎంత దూరం ఉందో నా నోటికి తెలీదు.

ఇంకో తప్పు కూడా ఉంది ఆ మాటలో. ప్యాలెస్‌తో అన్యాయంగా ఓడిపోయింది కాబట్టి ఈసారి రావాలి అన్న ధ్వని. ఎక్స్‌జీ అలా ఎక్కడా చెప్పదు. పోయిన అదృష్టం బాకీలా తిరిగి రాదు. నాణెం నాలుగుసార్లు బొరుసు పడిందని ఐదోసారి బొమ్మ వైపు మొగ్గదు. ముందు ముందు బ్రైటన్ ఫలితాలు దాని ఆటకి తగ్గట్టు ఉంటాయని మాత్రమే అది చెప్తుంది. పోగొట్టుకున్న పాయింట్లని ఎవరో లెక్క చూసి వెనక్కిస్తారని కాదు.

*

మర్నాడు ఆదివారం వాడు లేచాక, ఆ అన్న పంపిన మెసేజ్ చూపించమన్నాను. మొదట చూపించనన్నాడు. తర్వాత ఫోను మంచం మీద పడేశాడు. బ్రైటన్ 2.00, డ్రా 3.30, వెస్ట్ బ్రామ్ 4.00.

ఈ రేట్లని చదవడం తెలిస్తే మొత్తం కథ అందులోనే ఉంది. రేటు 2.00 అంటే వెయ్యి పెడితే రెండు వేలు వెనక్కొస్తాయి, మన వెయ్యితో కలిపి. నష్టం రాకుండా ఉండాలంటే ఆ టీమ్ నూటికి కనీసం యాభైసార్లు గెలవాలి. ఒకటిని రేటుతో భాగిస్తే ఆ శాతం వస్తుంది. బ్రైటన్‌కి 50, డ్రాకి 30.3, వెస్ట్ బ్రామ్‌కి 25. మూడూ కూడితే 105.3. జరిగేది నూటికి నూరే కదా, మిగతా 5.3 ఎక్కడిది? అది పందెం తీసుకునేవాడి వాటా. ఆ వాటా తీసేసి మళ్లీ నూటికి సర్దితే బ్రైటన్ 47.5, డ్రా 28.8, వెస్ట్ బ్రామ్ 23.7.

నా షీట్‌లో బ్రైటన్ 46. వాళ్ల దాంట్లో 47.5. నేను లాక్‌డౌన్ అంతా కూర్చుని కనిపెట్టాననుకున్న రహస్యం ఆ మెసేజ్‌లో ముందే ఉంది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి చూడండి. పాయింట్ల పట్టిక మాత్రమే చూసేవాడు ఆ మ్యాచ్‌కి ఇలాంటి రేటు పెట్టడు. కింద ఉన్న రెండు టీములు, పైగా వెస్ట్ బ్రామ్‌కి సొంత మైదానం. దాదాపు సమానంగా పెడతాడు. అలా పెట్టి ఉంటే నా షీట్‌కి విలువ ఉండేది. బ్రైటన్‌కి రేటు 2.80 అనుకోండి. అప్పుడు 36 శాతం గెలిస్తే చాలు, నా లెక్కలో 46 ఉంది. ఆ పది శాతం తేడానే ఈ విద్యలో సరుకు. టీమ్ బలం తెలియడం సరుకు కాదు, ఆ బలాన్ని రేటు పెట్టేవాడు తక్కువగా అంచనా వేయడం సరుకు. రేటు 2.00 దగ్గర మా వాడి ఆరు వేల సగటు విలువ 0.46 ఇంటూ పన్నెండు వేలు, అంటే 5,520. పందెం కట్టిన క్షణంలోనే 480 రూపాయలు పోయాయి. ఆ తర్వాత పెనాల్టీలు లోపల పడినా, బయట పడినా ఈ లెక్క మారదు.

మరి ఆ రేటు అంత కచ్చితంగా ఎలా ఉంది? మా ఊరి అన్నకి ఎక్స్‌జీ అంటే ఏంటో తెలీదు, ఒట్టేసి చెప్తాను. అతను పై నుంచి వచ్చిన అంకెలు పంపుతాడంతే. ఆ అంకెలు పెద్ద మార్కెట్‌లో తయారవుతాయి. మొదటి రేటు పెట్టేవాళ్ల దగ్గరే మోడళ్లు ఉంటాయి. దాంట్లో తేడా ఉంటే దాన్ని పట్టుకుని పెద్ద పెద్ద మొత్తాలు కట్టేవాళ్లు ఉంటారు. వాళ్ల డబ్బు పడగానే రేటు జరుగుతుంది. మ్యాచ్ మొదలయ్యే సమయానికి మిగిలేది అందరి లెక్కలూ కలిసి అరిగి నునుపైన అంకె.

ఆ పెద్దవాళ్లలో ఒకరెవరో తెలిశాక నాకు నవ్వాలో ఏడవాలో తెలీలేదు. టోనీ బ్లూమ్. 2009 నుంచి బ్రైటన్ క్లబ్ ఛైర్మన్ ఆయనే. స్టార్‌లిజార్డ్ అని ఆయనకొక సంస్థ ఉంది, ఫుట్‌బాల్ పందేలకి గణిత అంచనాలు తయారు చేస్తుంది. బ్రెంట్‌ఫర్డ్ క్లబ్ యజమాని మాథ్యూ బెన్‌హామ్ కూడా ఒకప్పుడు బ్లూమ్ దగ్గర పనిచేసినవాడే, ఆక్స్‌ఫర్డ్‌లో ఫిజిక్స్ చదివి, తర్వాత సొంతంగా స్మార్ట్‌ఆడ్స్ పెట్టుకున్నాడు. అంటే బ్రైటన్ పట్టికలో కనిపించే దానికన్నా మెరుగైన టీమ్ అని ప్రపంచంలో అందరికన్నా ముందు తెలిసే మనిషి ఆ టీమ్ ఓనరే. హాస్టల్ రూములో నేను ఆయనకి వ్యతిరేకంగా మా వాడి మెస్ బిల్లు పెట్టించాను.

*

నా షీట్ మీద ఇంకో రెండు అనుమానాలు ఆ తర్వాతి వారాల్లో పుట్టాయి. ఇవి ఎక్స్‌జీ వాడే ప్రతివాళ్లకీ పనికొస్తాయి.

మొదటిది ప్యాలెస్ మ్యాచ్ మళ్లీ చూసినప్పుడు వచ్చింది. 25 షాట్లకి 3 అన్న అంకె నన్ను మత్తెక్కించింది. కానీ ప్యాలెస్ అరగంట లోపే గోల్ కొట్టేసింది. గోల్ కొట్టి ముందున్న టీమ్ వెనక్కి తగ్గి పది మందీ బాక్స్‌లో నిలబడుతుంది. వెనకబడ్డ టీమ్‌కి బంతి దొరుకుతుంది, షాట్లూ దొరుకుతాయి. ఎక్కువ భాగం జనం మధ్యలోంచి కొట్టేవే. షాట్లు పెరగడానికి కొంత కారణం బ్రైటన్ గొప్పతనం, కొంత కారణం స్కోరు. అందుకే బాగా తెలిసినవాళ్లు స్కోరు సమానంగా ఉన్నప్పటి ఎక్స్‌జీని విడిగా చూస్తారు. వెస్ట్ బ్రామ్ మ్యాచ్ తర్వాత మా వాడే నాకు ఫోన్లో ఎక్స్‌జీ చూపించి "బ్రైటన్‌దే ఎక్కువ కదా రా" అన్నాడు. నిజమే, కానీ అందులో ఒకటిన్నర ఆ రెండు పెనాల్టీలదే. పెనాల్టీలు ప్రతి మ్యాచ్‌కీ రావు. టీమ్ రోజూ అవకాశాలు సృష్టించగలదా అని తెలుసుకోవాలంటే అవి తీసేసి చూడాలి. తీసేస్తే ఆ రాత్రి బ్రైటన్ ఆట నేననుకున్నంత గొప్పగా లేదు.

రెండోది సగటు గురించి. నా షీట్‌లో వెస్ట్ బ్రామ్ అంటే సీజన్ మొదటి నుంచీ ఉన్న వెస్ట్ బ్రామ్. కానీ డిసెంబర్‌లో కోచ్‌ని మార్చి శామ్ అలర్డైస్‌ని తెచ్చారు. జనవరిలో మిడ్‌ఫీల్డ్‌కి యోకుష్లు, మెయిట్‌లాండ్-నైల్స్ వచ్చారు. ముందు రెండు మ్యాచుల్లో మాంచెస్టర్ యునైటెడ్‌తో 1-1, బర్న్‌లీతో 0-0. అది గోల్స్ దండిగా ఇచ్చిన పాత టీమ్ కాదు. రేటు పెట్టేవాళ్లు ఈ మార్పు చూశారు. నేను మొత్తం సగటునే నమ్మి, ఆఖర్లో చేతికొచ్చినట్టు కొంచెం తగ్గించాను. ఎక్స్‌జీ చెప్పేది ఆ షాట్లు కొట్టిన టీమ్ గురించి. రేపు దిగే టీమ్ అదేనా అన్నది మనం చూసుకోవాలి. పది మ్యాచులు తీసుకుంటే టీమ్ ఇప్పటిదే గానీ అంకె ఊగుతుంది. ముప్ఫై తీసుకుంటే అంకె నిలకడగా ఉంటుంది గానీ టీమ్ పాతది. ఈ రెండిటి మధ్య సరైన చోటు ఎక్కడో చెప్పే సూత్రం నాకింతవరకూ దొరకలేదు.

*

మెస్ బిల్లుకి ఆఖరు తేదీ మార్చి 5. వాళ్ల నాన్న ఆర్టీసీలో కండక్టర్. ఫోను డిస్‌ప్లే పగిలిందని చెప్పి వాడు మళ్లీ డబ్బులు తెప్పించుకున్నాడు. నేను రెండు వేలు ఇస్తానంటే తీసుకోలేదు. "నువ్వేం పెట్టమనలేదు కదా" అన్నాడు. ఆ మాట నిజం. నాకు మాత్రం ఆ నిజం ఏమీ పనికిరాలేదు.

రెండు వారాలకి వాళ్ల నాన్న ఫోన్ చేశారు. వాడు స్నానానికి వెళ్లాడు, నేను ఎత్తాను. బాగోగులు అడిగి, "ఫోను మంచిగా చేశారా బాబూ, మళ్లీ పగలగొడతాడేమో కాస్త చెప్పు" అన్నారు. "చేశారంకుల్, బాగానే ఉంది" అన్నాను. ఆయన మాట్లాడుతున్నది ఆ ఫోనులోనే. దానికి ఎన్నడూ చిన్న గీత కూడా పడలేదు.

బ్రైటన్ ఆ సీజన్‌ని 41 పాయింట్లతో 16వ స్థానంలో ముగించింది. కొట్టిన గోల్స్ 40, ఎక్స్‌జీ ప్రకారం కొట్టాల్సిన దానికన్నా పదికి పైగా తక్కువ. మామూలుగా ఇలాంటి పట్టిక చూస్తే ఓనర్లు కోచ్‌ని పంపేస్తారు. బ్లూమ్ పంపలేదు. ఎక్స్‌జీకి సరైన చోటు అదని నాకిప్పుడు అనిపిస్తుంది. ఒక్క శనివారం ఏం జరుగుతుందో చెప్పమంటే అది చేతులెత్తేస్తుంది. ఈ పని ఇలాగే కొనసాగించాలా వద్దా అని అడిగితే మాత్రం పట్టికకన్నా నమ్మకమైన జవాబు చెప్తుంది, అదీ వినేవాడికి ఎదురుచూసే స్తోమత ఉంటే.

2022 మే 22న తర్వాతి సీజన్ ముగిసింది. ఆఖరి మ్యాచ్‌లో వెస్ట్ హామ్‌ని 3-1తో ఓడించి బ్రైటన్ 51 పాయింట్లతో తొమ్మిదో స్థానంలో నిలిచింది. కోచ్ అదే పాటర్. అప్పుడు మేము ఫైనలియర్ రికార్డులకి సంతకాలు పెట్టించుకుంటూ తిరుగుతున్నాం. వాడు ఆ అన్న నంబరు తీసేసి చాలాకాలమైంది, ఫుట్‌బాల్ చూడటం కూడా మానేశాడనుకున్నాను. ఆ రాత్రి పట్టిక స్క్రీన్‌షాట్ పంపి కింద రాశాడు: "నువ్వు చెప్పింది కరెక్టే రా."

కరెక్టే. పదిహేను నెలలు ఆలస్యంగా. బ్రైటన్‌కి సీజన్‌కి 38 మ్యాచులు, వెనక ఒక ఓనరు ఉన్నారు. వాడికి మార్చి 5 లోపు ఉన్నది ఒక్క మ్యాచే.

ఏం జవాబివ్వాలో తెలీక ఒక థంబ్స్ అప్ పెట్టాను. తర్వాత దాన్ని తీసేసి, "రేపు టిఫిన్ నేను కొంటా" అని పంపాను.